ప్రతి ప్రశ్నకూ ముందుండే చీటీ

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ జనంలోకి వచ్చినప్పుడు దానికో ఇబ్బంది ఉండేది. కొత్త సంభాషణ తెరిచిన ప్రతిసారీ అది ముఖం తెలియని మనిషిలా పలకరించేది. నిన్న గంటసేపు చెప్పుకున్న ఇష్టాయిష్టాలన్నీ ఇవాళ మళ్లీ మొదటినుంచి చెప్పుకోవాలి.

2023 జూలై 20న ఓపెన్‌ఏఐ దీనికో మార్గం చూపింది. పేరు కస్టమ్ ఇన్‌స్ట్రక్షన్స్. అప్పట్లో సెట్టింగుల్లో రెండు ఖాళీ పెట్టెలు ఉండేవి. మీ గురించి ఏం తెలియాలో మొదటిదానిలో, జవాబు ఎలా ఉండాలో రెండోదానిలో రాయాల్సి ఉండేది. ఒక్కోదానికి 1,500 అక్షరాల పరిమితి ఉండేది. మొదట డబ్బు కట్టే చందాదారులకే ఇచ్చారు, ఆగస్టులో ఉచితంగా వాడేవారికీ తెరిచారు. సంస్థ ఆనాడు చూపిన ఉదాహరణల్లో ఒకటి, పాఠం సిద్ధం చేసుకునే మూడో తరగతి సైన్సు టీచరు. తాను ఏ తరగతికి చెబుతున్నదీ ప్రతిసారీ గుర్తుచేయాల్సిన అవసరం ఇక ఉండదన్నమాట.

ఈ పెట్టెల్లో రాసింది యంత్రం నేర్చుకుంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఏమీ నేర్చుకోదు. శిక్షణలో స్థిరపడిన భాషా నమూనాలోని కోట్ల సంఖ్యలు మీ కోసం ఇసుమంత కూడా మారవు. జరిగేది చాలా సాదా పని. మీరు ప్రశ్న పంపినప్పుడు, సాఫ్ట్‌వేర్ పెట్టెల్లో మీరు రాసిన చీటీని ఆ ప్రశ్నకు ముందు అతికించి రెండింటినీ కలిపి నమూనాకు చదివిస్తుంది. రెండో ప్రశ్నకూ, పదో ప్రశ్నకూ అంతే: చీటీ, అప్పటిదాకా నడిచిన సంభాషణ, ఆ తర్వాత కొత్త ప్రశ్న. మీ తెరమీద మాత్రం ప్రశ్న ఒక్కటే కనిపిస్తుంది. ప్రోగ్రామర్లకు ఈ కిటుకు అంతకుముందే తెలుసు. 2023 మార్చిలో ఓపెన్‌ఏఐ వాళ్లకిచ్చిన చాట్ ఏపీఐలో `system` అనే సందేశం ఇదే పని చేసేది. దాన్ని మామూలు మనిషి చేతికి అందించడమే జూలైలో జరిగింది.

చదివించే చీటీ కాబట్టి అందులోని మాటల తీరును బట్టే ఫలితం. ఎనిమిదో తరగతికి తెలుగు మాధ్యమంలో సైన్సు చెప్పే ఒక ఉపాధ్యాయురాలిని ఊహించుకుందాం. ఆమె మొదట ఇలా రాసుకుంటుంది: ‘నేను సైన్సు టీచర్ని. మా పిల్లలది వ్యవసాయం చేసే ఊరు. ఎప్పుడూ పొలం ఉదాహరణలతో, మూడు వాక్యాల్లో చెప్పాలి.’ కాంతి వక్రీభవనం గురించి అడిగితే జవాబు ముచ్చటగా వస్తుంది. మర్నాడు ప్రధానోపాధ్యాయుడికి సెలవు చీటీ రాయించుకోబోతే అందులోనూ నాట్లు, కోతలు దూరే ప్రమాదముంది. పది మార్కుల ప్రశ్నకు నమూనా జవాబు అడిగితే అదీ మూడు వాక్యాలతోనే ఆగిపోవచ్చు. తప్పు ‘ఎప్పుడూ’ అన్న మాటది. ఎక్కడ వర్తించాలో చెప్పని నియమాన్ని నమూనా అన్నిచోట్లా వర్తింపజేయబోతుంది.

ఆమె దాన్ని తిరగరాస్తుంది: ‘పిల్లలకు పాఠం వివరించమని అడిగినప్పుడు మాత్రం ఊళ్లో కనిపించే ఉదాహరణ ఒకటి ఇవ్వాలి. సాంకేతిక పదాలు తెలుగు పాఠ్యపుస్తకంలోవే వాడాలి. ఉత్తరాలు, ప్రశ్నపత్రాలు అడిగితే ఈ నియమాలు వర్తించవు.’ ఈసారి ప్రతి నియమానికీ హద్దు ఉంది. ‘కష్టమైన పదాలు వద్దు’ అని ఊరుకోకుండా ఏ పదాలు కావాలో చెప్పడం ఇంకా మేలు. ఏది కష్టమో నమూనా తనకు తోచినట్టు ఊహించుకునే అవసరం తప్పుతుంది.

తెలుగులో రాసుకునేవారికి మరో లెక్క ఉంది. ‘స్త్రీ’ మన కంటికి ఒకే అక్షరం. యూనికోడ్ లెక్కలో అది ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ ఈకారం. పరిమితిని లెక్కించేది ఈ ముక్కలతోనే అయితే, 1,500 అనగానే మన మనసులో మెదిలేంత చోటు నిజానికి ఉండదు. వత్తులు, గుణింతాలు ఎక్కువున్న మాటలతో పెట్టె ఇంకా త్వరగా నిండిపోతుంది. అందుకే మర్యాద వాక్యాలు, ఉపోద్ఘాతాలు తీసేసి అసలు నియమాలకే చోటివ్వాలి. ఫోను నంబరు, చిరునామా, పిల్లల పేర్లు అందులో అసలే వద్దు. ప్రతి ప్రశ్నతోపాటూ ఆ చీటీ బయటికి వెళుతుంది. అప్పటి ప్లగిన్లు వాడితే అందులోని సంబంధిత సమాచారం వాటికీ చేరవచ్చని ఓపెన్‌ఏఐ మొదట్లోనే చెప్పింది.

చీటీ మాట ఆజ్ఞలా చెల్లుతుందన్న హామీ కూడా లేదు. సంభాషణ చాలా పొడవు సాగితే దాని పట్టు సడలవచ్చు. మధ్యలో మీరే ‘వివరంగా చెప్పు’ అంటే, ముందు రాసిన ‘క్లుప్తంగా’ సాధారణంగా వెనక్కి తగ్గుతుంది. అసలు చీటీ పని చేస్తోందో లేదో తెలుసుకోవాలంటే ఒకే ప్రశ్నను రెండు కొత్త సంభాషణల్లో అడగాలి, ఒకసారి సెట్టింగు ఆన్‌లో ఉంచి, మరోసారి ఆఫ్ చేసి. పాత సంభాషణలో అడిగితే లాభం లేదు. అక్కడ ముందే ఉన్న మాటల ప్రభావం జవాబులో కలిసిపోయి, ఏది దేనివల్ల వచ్చిందో విడదీయలేం. ఒక ప్రశ్నతో తేల్చేయకూడదు కూడా, ఒకే ప్రశ్నకు నమూనా రెండుసార్లు రెండు రకాలుగా పలకవచ్చు. ఆ ఉపాధ్యాయురాలైతే పాఠం ఒకటి, సెలవు చీటీ ఒకటి, పది మార్కుల ప్రశ్న ఒకటి తీసుకుని మూడింటినీ రెండు విధాలా అడిగి పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.