బ్యాటన్ చేతికి రాకముందే

పాఠశాలల 4×100 రిలేలో తరచూ ఇలా జరుగుతుంది. బ్యాటన్ అందుకోవాల్సిన అమ్మాయి వెనక్కి తిరిగి, చేయి చాపి, తెచ్చే అమ్మాయి కోసం నిలబడి ఎదురుచూస్తుంది. బ్యాటన్ కింద పడదు. అయినా పోటీ అక్కడే చేజారుతుంది. మొదటి అమ్మాయి తెచ్చిన వేగమంతా ఆ చోట ఆగిపోతుంది, రెండో అమ్మాయి మళ్లీ మొదటినుంచి వేగం పుంజుకోవాలి. అందుకే బ్యాటన్ మార్పిడిని చేతికన్నా ముందు కాళ్లకు నేర్పాలంటాను.

చూసి అందుకోవడం తప్పేమీ కాదు. 4×400లో అదే సరైన పద్ధతి, దాన్నే విజువల్ పాస్ అంటారు. నాలుగు వందల మీటర్ల చివర బ్యాటన్ తెచ్చేవారి వేగం ఎంత పడిపోతుందో ముందుగా చెప్పలేం. అందుకునేవారు తల తిప్పి, ఆ వేగాన్ని కళ్లతోనే అంచనా వేసి, దానికి తగ్గట్టు కదలాలి. సాధారణంగా ఎడమ చేత్తో అందుకుంటారు. అలాగైతే ముఖం ట్రాక్ లోపలివైపు ఉంటుంది. మన తణుకు అమ్మాయి దండి జ్యోతికశ్రీ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో భారత జట్టు తరఫున పరుగెత్తింది ఈ రిలేలోనే.

4×100లో మాత్రం వెనక్కి చూస్తూ పూర్తి వేగం అందుకోలేం. అందుకే బ్లైండ్ పాస్. అందుకునేవారు వెనక్కి చూసేది ఒక్కసారే, బయల్దేరేముందు. తమ లేన్ మీద అంటించుకున్న టేపును తెచ్చేవారు దాటగానే, వెనక ఎవరూ లేనట్టు పరుగు తీయాలి. ఆ టేపే చెక్ మార్క్. దాన్ని ఎక్కడ అంటించాలన్నదే అసలు పాఠం.

4×100లో బ్యాటన్ మార్చుకునే జోన్ 30 మీటర్లు. మార్పిడి 20వ మీటరు దగ్గర జరగాలనుకుందాం. అప్పటికి అందుకునే అమ్మాయి మంచి వేగంలో ఉంటుంది, పొరపాటు జరిగినా సర్దుకోవడానికి ఇంకో 10 మీటర్లు మిగిలి ఉంటాయి. ఆమె జోన్ మొదట్లో నిలబడి, కదలాలని తెలిసిన క్షణం నుంచి 20 మీటర్లు చేరడానికి 3.4 సెకన్లు పడుతుందనుకోండి. తెచ్చే అమ్మాయి సెకనుకు 8 మీటర్ల వేగంతో వస్తే, ఆ సమయంలో 27 మీటర్ల పైచిలుకు దూరం వస్తుంది. ఇద్దరి చేతులూ చాచితే వాళ్ల మధ్య మీటరు ఎడం ఉంటుంది కాబట్టి ఆమె 19వ మీటరుకు చేరితే చాలు. అంటే టేపు జోన్‌కు వెనక సుమారు 8 మీటర్ల దూరంలో ఉండాలి. మైదానంలో దీన్ని బూటు పాదాలతో కొలుస్తారు. బూటు పొడవు 27 సెంటీమీటర్లయితే దాదాపు 30 పాదాలు.

లెక్క మొదలుపెట్టడానికే. అసలు దూరం చెప్పేది ట్రాకే. పూర్తి వేగంతో పరుగెత్తించినప్పుడు తెచ్చేవారు అందుకోలేక వెనకబడితే, ముందువారు తొందరగా బయల్దేరుతున్నట్టు. అప్పుడు టేపును రెండు మూడు పాదాలు దగ్గరికి జరపాలి. వెనకవారు వచ్చి మీద పడుతుంటే టేపును దూరం జరపాలి. అయితే ముందు ఒక్కటి చూడాలి: ఆమె నిజంగా టేపు దాటినప్పుడే కదిలిందా? కదలిక ఒక్కోసారి ఒక్కోలా ఉంటే టేపు ఎంత జరిపినా ప్రయోజనం లేదు. నెమ్మదిగా సాధన చేసి పెట్టిన గుర్తు కూడా పోటీ రోజు పనికిరాదు.

చేతి పని ఆ తర్వాతే. తెచ్చేవారు దగ్గరికి వచ్చి “హ్యాండ్” అని అరవగానే అందుకునేవారు చేతిని వెనక్కి చాచి కదలకుండా ఉంచాలి. గురి చూసి పెట్టే బాధ్యత వెనకవారిదే, వాళ్లకే కనిపిస్తుంది కాబట్టి. ఒకటో, మూడో రన్నర్లు కుడి చేత్తో, రెండో, నాలుగో రన్నర్లు ఎడమ చేత్తో బ్యాటన్ పట్టుకుంటే మధ్యలో చేయి మార్చే అవసరం ఉండదు. 2016 రియోలో జపాన్ పురుషుల జట్టు కింది నుంచి పైకి అందించే పద్ధతితో 37.60 సెకన్లలో రజతం గెలిచింది. అప్పటికి ఆ నలుగురిలో ఒక్కరూ 100 మీటర్లను 10 సెకన్లలోపు పరుగెత్తి ఉండలేదు.

అదే ఫైనల్‌లో మూడో స్థానంలో వచ్చిన అమెరికా అనర్హతకు గురైంది. మైక్ రోజర్స్ నుంచి జస్టిన్ గాట్లిన్‌కు మొదటి మార్పిడిలో బ్యాటన్ జోన్‌లోకి రాకముందే గాట్లిన్ చేయి దాన్ని తాకింది. నిబంధన చూసేది రన్నర్ల కాళ్లు ఎక్కడున్నాయన్నది కాదు, బ్యాటన్ ఎక్కడుందన్నది. అందుకునేవారి చేయి తాకిన క్షణం నుంచి, అది వారి ఒక్కరి చేతిలోకే వచ్చేదాకా బ్యాటన్ జోన్‌లోనే ఉండాలి. అప్పట్లో జోన్ 20 మీటర్లే, దానికి ముందున్న 10 మీటర్లు వేగం పుంజుకోవడానికి మాత్రమే. ఇప్పుడు ఆ 10 కూడా జోన్‌లో కలిసింది.

మార్పిడి కంటికి చక్కగా కనిపించినా దాన్ని నమ్మకండి. స్టాప్‌వాచ్‌తో బ్యాటన్ జోన్‌లో అడుగుపెట్టినప్పటి నుంచి బయటపడేదాకా ఎంత సమయం పట్టిందో చూడండి. టేపు జరిపిన ప్రతిసారీ ఆ అంకెను పక్కపక్కనే రాసుకుంటే, ఏ గుర్తు దగ్గర అది అతి తక్కువకు దిగి మళ్లీ పెరగడం మొదలుపెట్టిందో తెలుస్తుంది. ఆ జంటకు ఆ రోజుకు అదే సరైన గుర్తు. ఎదురుగాలి వీచినా, జంట మారినా మళ్లీ కొలవాల్సిందే.