వేరియబుల్ పే: కలుపుతారా, గుణిస్తారా?

హైదరాబాద్‌లోని ఒక ఐటీ ఉద్యోగికి ఏడాదికి 12 లక్షల ప్యాకేజీ అనుకుందాం. అందులో 10 శాతం, అంటే 1,20,000 రూపాయలు వేరియబుల్ పే. లక్ష్యాలు నూటికి నూరు శాతం నెరవేరితే వచ్చే మొత్తం ఇది. చివరికి చేతికెంత వస్తుందన్నది రెండు స్కోర్ల మీద ఆధారపడుతుంది. ఒకటి కంపెనీది, రెండోది ఉద్యోగిది.

కంపెనీ స్కోరు సాధారణంగా ఆదాయం, లాభం లక్ష్యాలను బట్టి వస్తుంది. లక్ష్యంలో 94 శాతం సాధిస్తే స్కోరు కూడా 94 అనుకోకూడదు. చాలా కంపెనీలకు సొంత పట్టిక ఉంటుంది. లక్ష్యం పూర్తయితే 100, ఆపై తగ్గిన ఒక్కో శాతానికి 5 చొప్పున కోత, 90 శాతం కూడా దాటకపోతే సున్నా అని ఆ పట్టికలో ఉందనుకోండి. అప్పుడు 94 శాతం సాధించిన కంపెనీ స్కోరు 70 మాత్రమే.

ఉద్యోగి స్కోరు అతని రేటింగును బట్టి ఉంటుంది. మన ఉద్యోగి బాగా పనిచేసి 120 తెచ్చుకున్నాడు.

అసలు తేడా ఈ రెండింటినీ జతచేసే పద్ధతిలో ఉంది. కొన్ని కంపెనీలు వాటాలు వేసి కలుపుతాయి. కంపెనీకి 60, ఉద్యోగికి 40 వాటా అయితే 70లో 60 శాతం 42, 120లో 40 శాతం 48, మొత్తం 90 శాతం. పన్ను కోతకు ముందు వచ్చేది 1,08,000 రూపాయలు. మరికొన్ని కంపెనీలు గుణిస్తాయి. 120లో 70 శాతం అంటే 84. అప్పుడు వచ్చేది 1,00,800.

కంపెనీ 89 శాతం దగ్గరే ఆగిపోతే తేడా ఇంకా పెరుగుతుంది. కలిపే పద్ధతిలో కంపెనీ వాటా పోయినా ఉద్యోగి వాటా 48 శాతం మిగులుతుంది, 57,600 వస్తాయి. గుణించే పద్ధతిలో ఎంత మంచి రేటింగు ఉన్నా సున్నాతో గుణిస్తే సున్నాయే. కంపెనీకి కలిసొచ్చిన ఏడాది మాత్రం గుణకారమే మేలు. కంపెనీ స్కోరు 110 అయితే కూడికలో 114 శాతం, గుణకారంలో 132 శాతం వస్తుంది.

ఇందులో ఉద్యోగికి అన్యాయం జరిగేది ఎక్కువగా సమాచారం దగ్గరే. చెల్లింపు శాతం ఒక్కటే చెప్పి, అది ఎలా వచ్చిందో చెప్పకపోతే తన పనికి విలువ తగ్గిందో, కంపెనీ లక్ష్యమే తప్పిందో అతనికి తెలియదు. రెండు స్కోర్లూ విడివిడిగా చూపించడం కంపెనీల కనీస బాధ్యత.

కొత్త ఉద్యోగంలో చేరే ముందు హెచ్‌ఆర్‌ను మూడు విషయాలు అడగండి: స్కోర్లను కలుపుతారా, గుణిస్తారా? కంపెనీ స్కోరు ఎక్కడ సున్నా అవుతుంది? చెల్లించే రోజుకు ఉద్యోగంలో ఉంటేనే ఇస్తారా? జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి. ఇంటి ఈఎంఐ లెక్క మాత్రం స్థిర జీతం మీదే వేసుకోండి.