గంగిరెద్దు తలూపుడుకు లెక్క కట్టడం

నేరాలు పెరగడానికి సమాజ పరిస్థితుల కంటే మనుషులదే ఎక్కువ తప్పు. ఈ మాటను ఒప్పుకుంటారా అని అమెరికాలో ఒక సర్వేలో కొందరిని అడిగారు. నూటికి 60కి కాస్త తక్కువగా ఒప్పుకున్నారు. ఇంకొందరిని అదే మాట తిరగేసి అడిగారు: మనుషుల కంటే సమాజ పరిస్థితులదే ఎక్కువ తప్పా? ఈసారి నూటికి 57కి కాస్త తక్కువగా ఒప్పుకున్నారు. రెండు గుంపులనూ ఒకే జనాభాలోంచి లాటరీ పద్ధతిలో ఎంచారు కాబట్టి వాళ్ల అభిప్రాయాల్లో పెద్ద తేడా ఉండకూడదు. రెండు అంకెలూ కూడితే మాత్రం నూట పదహారు దాటింది. అంటే ఆ జనంలో నూటికి పదహారు మందైనా ఏది అడిగినా తలూపేవాళ్లేనన్నమాట. హోవర్డ్ షూమన్, స్టాన్లీ ప్రెసర్ 1981లో తెచ్చిన పుస్తకంలోని ఈ ప్రయోగం గురించి సర్వేలు చేసేవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

వాక్యంలో ఏముందన్నది పక్కనబెట్టి ఒప్పుకోవడం వైపే మొగ్గే ఈ ధోరణిని అక్వియెసెన్స్ బయాస్ అంటారు. తెలుగులో అంగీకార పక్షపాతం అనుకోవచ్చు. గంగిరెద్దు తలూపుడు అన్నా పెద్దగా తప్పు లేదు గానీ, మనుషులు అలా తలూపడానికి కారణాలు వేరు. అడిగినవాళ్లను కాదనడం మర్యాద కాదనిపించడం ఒకటి. నలభై ప్రశ్నలయ్యాక ఆలోచించే ఓపిక లేకపోవడం మరొకటి. వాక్యం పూర్తిగా అర్థం కాకపోతే అవుననడమే సులువు.

ఈ ధోరణి ఒక పెద్ద సిద్ధాంతాన్నే ఇరుకున పెట్టింది. 1940లలో, ఫాసిజానికి తొందరగా లొంగే మనస్తత్వం ఎలా ఉంటుందో తేల్చాలని బర్క్‌లీలో అడోర్నో, ఫ్రెంకెల్-బ్రున్స్‌విక్, లెవిన్సన్, శాన్‌ఫర్డ్ పరిశోధన చేశారు. 1950లో వెలువడిన వాళ్ల పుస్తకంలోని కొలబద్ద పేరు ఎఫ్ స్కేలు. పిల్లలకు విధేయత నేర్పడం అన్నిటికన్నా ముఖ్యం అనే తరహా వాక్యాలు ఇచ్చి, ఎంతవరకు ఒప్పుకుంటారో చెప్పమంటారు. చిక్కు ఎక్కడంటే, అందులో ఏ వాక్యానికి ఒప్పుకున్నా నియంతృత్వ పోకడ మార్కు పెరిగేది. ఎదురు దిక్కు వాక్యాలు లేవు. మొహమాటంతో అన్నిటికీ సరేనన్న మనిషికి, నిజంగా నియంతను కోరుకునే మనిషికి ఒకే మార్కు వచ్చేది.

తక్కువ చదువుకున్నవాళ్లకు ఎఫ్ స్కేలు మీద ఎక్కువ మార్కులు రావడం కనిపించింది. తక్కువ చదువుకున్నవాళ్లు ప్రశ్నావళిలో ఎక్కువగా అవునంటారన్న సంగతీ బయటపడింది. మరి కొలిచింది మనస్తత్వాన్నా, మొహమాటాన్నా? 1955లో బెర్నార్డ్ బాస్ ఎఫ్ స్కేలు వాక్యాలను తిరగేసి చూశాడు. జవాబులు నిజమైన అభిప్రాయాలే అయితే, మొదటి వాక్యాలకు గట్టిగా ఒప్పుకున్నవాళ్లు తిరగేసినవాటిని అంతే గట్టిగా కాదనాలి. అలా కాదన్నది కొంతవరకే. ఆ పై పదేళ్లూ పత్రికల్లో వాదోపవాదాలే. 1965లో లియొనార్డ్ రోరర్ ఈ తలూపుడు గోలంతా అతిశయోక్తి, ఒక కట్టుకథ అని తేల్చేశాడు. ఆయన మాటలో కొంత న్యాయం ఉంది. ఆ సంగతి తర్వాత.

నిజానికి దీనికి మందు అంతకుముందే ఉంది. వైఖరులను కొలిచే పద్ధతికి తన పేరే పడిన రెన్సిస్ లైకర్ట్ 1932లోనే, వాక్యాల్లో సగం ఒక దిక్కుకు, సగం ఎదురు దిక్కుకు రాయమన్నాడు. మార్కులు వేసేటప్పుడు ఎదురు వాక్యాల అంకెలను తిప్పేస్తారు. 1 నుంచి 5 దాకా ఉన్న కొలతలో ఆరులోంచి జవాబు తీసేస్తే చాలు: 5 అన్నది 1 అవుతుంది, 2 అన్నది 4 అవుతుంది.

ఆరు వాక్యాల చిన్న కొలత తీసుకుందాం. మొదటి మూడు విధేయతను మెచ్చుకునేవి, తర్వాతి మూడు పెద్దల మాటను ప్రశ్నించడాన్ని మెచ్చుకునేవి. రాజయ్య అనే ఊహా వ్యక్తి విధేయతను గట్టిగా నమ్ముతాడు. అతని జవాబులు 5, 4, 5, 1, 2, 1. చివరి మూడింటినీ తిప్పితే 5, 4, 5; మొత్తం 28, సగటు దాదాపు 4.7. సోమయ్య ఆరింటికీ 4 అన్నాడు. ఎదురు వాక్యాలే లేకపోతే అతని సగటు 4, అంటే అతనూ విధేయతాభిమానే. తిప్పి చూస్తే 4, 4, 4, 2, 2, 2. సగటు సరిగ్గా 3. తలూపుడు అటు ఎంత పెంచిందో ఇటు అంతే తగ్గించింది.

ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. తిప్పకముందు అంకెల సగటు చూడండి. రాజయ్యది 3, అంటే నడిమధ్య, అతను తలూపలేదు. సోమయ్యది 4, మధ్య నుంచి ఒక మెట్టు పైన. ఆ ఒక్క మెట్టే అతని తలూపుడు కొలత. ఎదురు వాక్యాలు లేని కొలతలో ఈ అంకె దొరికే దారే లేదు.

అయితే సోమయ్యకు వచ్చిన 3 చూసి అతన్ని మధ్యేవాది అనుకుంటే మళ్లీ పొరపాటే. అతని అసలు అభిప్రాయమేమిటో మనకు తెలియదు. సమతూకం అతన్ని తప్పు గదిలోంచి బయటికి తెచ్చింది, అంతవరకే.

అసలు కష్టం ఎదురు వాక్యం రాయడంలో ఉంది. పిల్లలు పెద్దల మాట వినాలి అన్నదానికి ఎదురు రాయమంటే, చాలామంది చివర ‘కూడదు’ తగిలించి వినకూడదు అంటారు. దాన్ని ఒప్పుకునేవాళ్లు ఎవరుంటారు? వినాల్సిన అవసరం లేదు అంటే, హడావిడిగా చదివేవాళ్లు ‘లేదు’ను దాటేస్తారు. పెద్దల మాట తప్పనిపిస్తే పిల్లలు ఎదురు చెప్పడం మంచిదే అని రాస్తే మేలు: ‘లేదు’, ‘కాదు’ లేకుండానే దిక్కు మారింది. కానీ పిల్లలు మాట వినాలనీ, తప్పనిపిస్తే ఎదురు చెప్పాలనీ రెండూ నమ్మే తల్లిదండ్రులు లేరా? వాళ్లు రెండింటికీ అవునంటే అది తలూపుడు కాదు, ఆలోచించి చెప్పిన జవాబే. రోరర్ మాటలో న్యాయం ఉందన్నది ఇందుకే. తిరగేసిన వాక్యం నిజంగా ఎదురు వాక్యమేనా అని తేల్చుకోకుండా, రెండింటికీ ఒప్పుకున్నవాళ్లందరినీ గంగిరెద్దుల్లో కలిపేయకూడదు.

తెలుగులో దీనికి మరో ముడి ఉంది. మీ వీధిలో నీళ్లు సరిగా రావు అని సర్వేకొచ్చిన అమ్మాయి చదువుతుంది. గడపలో నిలబడ్డ పెద్దావిడ ‘అవునమ్మా, రావు’ అంటుంది. పక్కింటాయన ‘లేదమ్మా, రావు’ అంటాడు. ఇద్దరిదీ ఒకే మాట. ట్యాబ్‌లో ‘ఒప్పుకుంటాను’, ‘ఒప్పుకోను’ అనే రెండు గడులు చూస్తూ, ఆయన నోట మొదట వచ్చిన ‘లేదు’ను పట్టుకుని ‘ఒప్పుకోను’ నొక్కితే జవాబు తలకిందులవుతుంది.

ఇలాంటి తప్పులు లెక్కల్లో కనిపిస్తాయి. అంకెలు తిప్పాక కూడా ఒక వాక్యం మిగతావాటికి ఎదురుగా నడుస్తుంటే, ఆ ఒక్కదాన్ని తిప్పడం మరిచిపోయారా, జనం దాన్ని తప్పుగా చదివారా అని వెతకాలి. ఎదురు వాక్యాలన్నీ కలిసి వేరే గుంపు కట్టినంత మాత్రాన కొత్త మానసిక లక్షణం దొరికిందని సంబరపడకూడదు. నూటికి పది మంది చదవకుండా ఒకే గడిలో టిక్కులు పెట్టుకుంటూ పోయినా అలాంటి గుంపు పుట్టుకొస్తుందని 1985లో ష్మిట్, స్టల్ట్స్ చూపించారు.

ఒప్పుకుంటారా అన్న అడుగుడే మానేయాలనే పరిశోధకులూ ఉన్నారు. నీళ్ల సంగతి కావాలంటే, మీ వీధికి వారంలో ఎన్ని రోజులు నీళ్లు వస్తాయి అని అడగవచ్చు. అప్పుడు పెద్దావిడ ‘మూడు రోజులమ్మా’ అంటుంది. పక్కింటాయన ‘రెండే’ అని సరిదిద్దుతాడు. సర్వే అమ్మాయి ఎవరి అంకె వాళ్ల పేరు మీద వేసుకుంటుంది.