కుక్కకు అడగకుండానే, ఎలుకకు మీట నొక్కితేనే

మనోవిజ్ఞానంలో అభ్యసన పాఠం చెప్పేటప్పుడు ఒక స్లైడు తప్పకుండా చూపిస్తారు. ఎడమవైపు పావ్‌లోవ్ కుక్క, కుడివైపు స్కిన్నర్ ఎలుక. మొదటిదాని కింద శాస్త్రీయ నిబంధనం అనీ, రెండోదాని కింద కార్యసాధక నిబంధనం అనీ ఉంటుంది. రెండు బొమ్మల్లోనూ ఒక జంతువు, దానికింత తిండి. అందుకే టెట్‌కూ డీఎస్సీకీ చదివేవాళ్లు పేర్లు బట్టీపట్టినా, ప్రశ్నలో కుక్క బదులు బడిపిల్లవాడు ఎదురయ్యేసరికి తడబడతారు.

ఆ స్లైడు ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే. జంతువు ఏమీ చేయకపోయినా తిండి వచ్చేదేనా?

పావ్‌లోవ్ రష్యాకు చెందిన శరీరధర్మ శాస్త్రవేత్త. జీర్ణక్రియ మీద చేసిన పరిశోధనకు 1904లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆయన ప్రయోగాల్లో మెట్రోనోమ్ టిక్కుటిక్కుమని మోగేది, ఆ వెంటనే కుక్కకు తిండి అందేది. నోరూరినా ఊరకపోయినా తిండి మాత్రం వచ్చేది. కొన్నాళ్లకు తిండి కనబడకముందే, ఆ చప్పుడుకే లాలాజలం ఊరడం మొదలైంది. చప్పుడు వినబడితే వెనకాలే తిండి వస్తుందన్న సంబంధం కుక్కలో స్థిరపడింది. అక్కడ అది తలచుకుని చేసిన పని ఏదీ లేదు.

అమెరికాలో స్కిన్నర్ పెట్టెలో ఉన్న ఎలుక పరిస్థితి వేరు. అది మీట నొక్కితేనే తిండి గుళిక పడుతుంది, లేకపోతే పడదు. చేసిన పనికి వచ్చిన ఫలితాన్ని బట్టి ఆ పని ఇక ముందు పెరగడమో తగ్గడమో జరుగుతుంది. పెరిగితే ఆ ఫలితం పునర్బలనం, తగ్గితే శిక్ష.

చాలామంది మార్కులు పోగొట్టుకునేది దీని తర్వాతే. రుణాత్మక పునర్బలనం అనగానే శిక్ష అనుకుంటారు. ఇక్కడ ధనాత్మకం అంటే ఏదో ఒకటి వచ్చి చేరడం, రుణాత్మకం అంటే ఉన్నది తొలగిపోవడం, అంతే. కారెక్కి కూర్చుంటే బీప్‌బీప్ మొదలవుతుంది. బెల్టు పెట్టుకోగానే ఆగుతుంది. చికాకు తొలగింది కాబట్టి బెల్టు పెట్టుకునే అలవాటు బలపడుతుంది. ఇది రుణాత్మక పునర్బలనం. చెల్లెల్ని కొట్టాడని పిల్లవాడి చేతిలోంచి ఫోను లాక్కుంటే, ఆపైన కొట్టడం తగ్గితే, అది రుణాత్మక శిక్ష. రెండుచోట్లా ఏదో తొలగింది. కానీ ఒకచోట అలవాటు పెరిగింది, మరోచోట తగ్గింది.

ఆ తగ్గిందా లేదా అన్నది చూడకుండా దేన్నీ శిక్ష అనకూడదు. తరగతిలో అల్లరి చేసినవాణ్ణి మాస్టారు తిట్టారు, అందరూ వాడివైపు తిరిగి నవ్వారు, మర్నాడు అల్లరి ఇంకా పెరిగింది. మాస్టారి ఉద్దేశం ఏదైనా, జరిగింది పునర్బలనమే.

నిజజీవితంలో ఈ రెండూ స్లైడు మీద ఉన్నట్టు విడివిడిగా ఉండవు. సూదిమందుకు భయపడే నాలుగేళ్ల పాపనే తీసుకుందాం. ఆస్పత్రిలో స్పిరిట్ వాసన వచ్చింది, వెంటనే సూది గుచ్చుకుంది. పాప ఏం చేసినా, చేయకపోయినా ఆ నొప్పి తప్పేది కాదు. రెండు మూడుసార్లయ్యాక దూది బయటికి తీయగానే ఏడుపు. ఇది పావ్‌లోవ్ దారి.

తర్వాతిసారి గుమ్మం దగ్గరే పాప తల్లి కొంగు పట్టుకుని గట్టిగా ఏడ్చింది. తల్లి జాలిపడి, ‘‘సరేలే అమ్మా, రేపొద్దాం’’ అని వెనక్కి తిప్పింది. భయం ఠక్కున తగ్గింది. ఏడిస్తే భయం తొలగుతుందని పాప నేర్చుకుంది. ఏడుపు ఆగింది కాబట్టి వెనక్కి తిప్పే అలవాటు తల్లిలోనూ బలపడింది. ఇద్దరికీ రుణాత్మక పునర్బలనమే. ఇది స్కిన్నర్ దారి.

ఈ రెండో అలవాటు మొదటి భయాన్ని కాపాడుతుంది కూడా. మెట్రోనోమ్ మోగుతున్నా తిండి రాకుండా పదేపదే జరిగితే కుక్కకు నోరూరడం తగ్గిపోతుంది. దాన్ని విలుప్తత అంటారు. పాప భయం తగ్గాలన్నా అదే జరగాలి. అదే వాసన, అదే గది, కానీ సూది లేకుండా కొన్నిసార్లు ఎదురవాలి. గుమ్మంలోంచే వెనుదిరిగే పాపకు ఆ అవకాశమే రాదు. బరువు చూపించుకోవడానికో, అన్నయ్యకు తోడుగానో తీసుకెళ్లి, కాసేపు కూర్చోబెట్టి, ఏడుపు సద్దుమణిగాకే ఇంటికి తీసుకొస్తే రెండు ముడులూ కలిసి వదులవుతాయి. మొదట్లో ఏడుపు మామూలుకన్నా పెరగొచ్చు. ఇన్నాళ్లూ పనిచేసిన ఉపాయం ఒక్కసారిగా పనిచేయకపోతే దాన్నే ఇంకా గట్టిగా ప్రయత్నించడం సహజం. సరిగ్గా అప్పుడే జాలిపడి వెనక్కి తిప్పితే, అంత గట్టిగా ఏడిస్తేనే పని జరుగుతుందని పాప నేర్చుకుంటుంది.