థైరాయిడ్ మాత్ర పక్కన ఇంకేం వేసుకుంటున్నారు?

నలభై అయిదేళ్ల ఆవిడ ఒకరు కొన్నేళ్లుగా 75 మైక్రోగ్రాముల లెవోథైరాక్సిన్ వాడుతున్నారనుకుందాం. టీఎస్‌హెచ్ ఎప్పుడూ 2, 3 మధ్యే ఉండేది, ఈసారి 9 వచ్చింది. మాత్ర ఒక్కరోజూ మానలేదు. డోసు 100కి పెంచారు. థైరాయిడ్ డాక్టర్లకు ఇలాంటి కేసులు కొత్త కావు.

ఇక్కడ అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: మధ్యలో మందుల డబ్బాలోకి కొత్తగా ఏం చేరింది? రక్తం తక్కువగా ఉందని ఐరన్, మోకాళ్ల నొప్పులకని కాల్షియం చేరాయి. మరిచిపోకుండా ఉంటుందని మూడూ పొద్దున్నే ఒకే గుక్కలో మింగేస్తున్నారు. ఐరన్, కాల్షియం పేగులో ఈ హార్మోన్‌ను పట్టేసుకుంటాయి. అది రక్తంలోకి వెళ్లకుండా మలంతో బయటికి పోతుంది. ఒంట్లో హార్మోన్ తగ్గేసరికి మెదడు కింది పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్‌ను పెంచుతుంది. రిపోర్టులో కనిపించేది ఆ పెరుగుదలే.

అందుకే వీటికీ థైరాయిడ్ మాత్రకూ కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. పొద్దున ఆరింటికి పరగడుపున మంచినీళ్లతో థైరాయిడ్ మాత్ర, ఏడింటికి కాఫీ, ఆ తర్వాత టిఫిన్. మధ్యాహ్నం ఐరన్, రాత్రి భోజనంతో కాల్షియం. మాత్రకూ కాఫీకీ మధ్య అరగంట నుంచి గంట ఆగాల్సిందే. మన ఇళ్లలో ఎక్కువగా తప్పేది ఈ ఒక్క నియమమే. కాఫీ పడందే కుదరదనేవాళ్లు డాక్టరుకు చెప్పి, రాత్రి తిన్న మూడు గంటలకు మాత్ర వేసుకోవచ్చు. అప్పుడు కాల్షియం పగటికి మారాలి. ఏ వేళైనా రోజూ ఒకటే ఉండాలి.

గ్యాస్ మందుల్లో రెండు రకాలున్నాయి. చల్లగా తాగే యాంటాసిడ్ సిరప్‌కు నాలుగు గంటల ఎడం సరిపోతుంది. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి రోజంతా కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తాయి, మాత్ర సరిగా కరగడానికి ఆ ఆమ్లం కావాలి. కాబట్టి అక్కడ ఎడం పెద్దగా పనిచేయదు. వాటిని ఎక్కువకాలం వాడాల్సి వస్తే ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ చూసి, అవసరమైతే డోసు మారుస్తారు. అంతకంటే ముందే పరీక్ష చేయిస్తే అంకె ఇంకా కుదురుకోదు. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది.

మళ్లీ ఆవిడ దగ్గరికి వద్దాం. అసలు ఇబ్బంది ఐరన్ కోర్సు అయిపోయాక మొదలవుతుంది. అడ్డం తొలగిపోయింది, డోసు మాత్రం 100 దగ్గరే ఉంది. గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం. వయసు ప్రభావమనో ఆందోళన అనో సరిపెట్టుకుంటారు. పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 0.1కి పడిపోయి ఉంటుంది. ఇలా చాలాకాలం కొనసాగితే, పెద్ద వయసులో ముఖ్యంగా, గుండె లయ తప్పొచ్చు, ఎముకలు పలచబడొచ్చు. డోసు మళ్లీ 75కి తగ్గించాల్సింది డాక్టరే. ఐరన్ మొదలైన తేదీ, ఆగిన తేదీ ఆయనకు చెప్పాల్సింది మాత్రం ఆవిడే.