రీసేల్ ఫ్లాటుకు ధర ఒక్కటే లెక్క కాదు

హైదరాబాద్‌లో పాత ఫ్లాటు 60 లక్షలకు కుదిరిందనుకుందాం. స్టాంపు డ్యూటీ 5.5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5 కలిపితే 7.5 శాతం, అంటే 4.5 లక్షలు. మీ ధర కన్నా ప్రభుత్వ మార్కెట్ విలువ ఎక్కువుంటే లెక్క దాని మీదే.

చాలామంది తడబడేది లోన్ దగ్గర. ఈ ధరకు బ్యాంకు 80 శాతం దాకా, అంటే గరిష్ఠంగా 48 లక్షలు ఇవ్వగలదు. రిజిస్ట్రేషన్ ఖర్చులను అందులో కలపదు. కాబట్టి చేతిలో 12 కాదు, పదహారున్నర లక్షలు ఉండాలి. మ్యుటేషన్, డాక్యుమెంట్ రైటరు, సొసైటీ బదిలీ రుసుము వేరే.

50 లక్షలు, ఆపైన ధరకు కోసే ఒక శాతం టీడీఎస్ మాత్రం అదనం కాదు. అమ్మేవారి సొమ్ములోంచే పోతుంది. అడ్వాన్సు ఇచ్చేముందే సొసైటీ నుంచి బకాయిలు లేవని కాగితం అడగండి.