అద్దె కూడా అప్పే

ఇండ్ ఏఎస్ 116 పాటించే కంపెనీలు 2019 ఏప్రిల్ 1 నుంచి, ఏడాదికి మించిన అద్దె ఒప్పందాలను దాదాపు అన్నింటినీ అప్పుగా చూపాలి. ఒక కంపెనీ షోరూమ్‌ను మూడేళ్లకు తీసుకుందనుకుందాం. ఏటా చివర్లో 10 లక్షల అద్దె. 10 శాతం వడ్డీ లెక్కన ఆ 30 లక్షల నేటి విలువ 24.87 లక్షలు. అదే లీజు బాకీ. షోరూమ్‌ను వాడుకునే హక్కు అంతే విలువతో ఆస్తుల్లో చేరుతుంది.

తొలి ఏడాది బాకీపై వడ్డీ 2.49 లక్షలు, హక్కుపై తరుగుదల 8.29 లక్షలు. కట్టింది 10 లక్షలే అయినా ఖర్చు 10.78 లక్షలు కనిపిస్తుంది. బాకీ కరిగేకొద్దీ వడ్డీ తగ్గి, మూడో ఏడాది ఖర్చు 9.20 లక్షలకు దిగుతుంది. మూడేళ్ల మొత్తం మాత్రం అదే 30 లక్షలు.

అమ్మకాల్లో ఇంత శాతమని రాసుకున్న అద్దె మాత్రం ఈ బాకీలోకి రాదు. మదుపరులు దాన్ని నోట్స్‌లో వెతికి చూసుకోవాలి.